మిర్చి కొని కారం అమ్ముతున్నాడా, కారం కొని కారమే అమ్ముతున్నాడా?

ప్రశ్న: సార్, మాది పరకాల, కిరాణా హోల్‌సేల్. ప్రైవేటు హాస్టళ్లకు కారం, పసుపు సప్లై చేస్తా. వరంగల్ దగ్గర ఒక ఫర్మ్ వాళ్లు "మేమే తయారీదార్లం, ఫ్యాక్టరీ రేటుకిస్తం" అని 3 లక్షలు అడ్వాన్సు అడుగుతున్నరు. జీఎస్టీ, ఫుడ్ లైసెన్సు, ఉద్యమ్ సర్టిఫికెట్లు వాట్సాప్‌ల పంపిన్రు. జీఎస్టీల మాన్యుఫాక్చరర్ అనే ఉంది. నిజంగ తయారు చేస్తున్నరా, కొని ప్యాక్ చేస్తున్నరా, కాగితాల మీద ఎట్ల తెలుస్తది?

జవాబు:

తమ్ముడూ, ఆ మూడు కాగితాలూ అసలైనవే అయి ఉండొచ్చు. మూడింటిలోనూ మాన్యుఫాక్చరర్ అనే ఉండొచ్చు. అయినా నువ్వు అడిగినదానికి వాటిలో జవాబు లేదు. హన్మకొండలో ఇరవై ఏళ్లకు పైగా వ్యాపారుల లెక్కలు రాస్తున్నాను. ఆ దరఖాస్తుల్లో టిక్కులు పెట్టేది నాలాంటివాళ్లమే. ఓనరు వచ్చి "తయారీ కూడా పెట్టండి సార్, రేపు మిషన్ పెడతామేమో" అంటాడు, పెడతాం. జీఎస్టీ దరఖాస్తులో ఫ్యాక్టరీ, హోల్‌సేల్, రిటైల్ అన్నీ ఒకేసారి ఎంచుకోవచ్చు. ఉద్యమ్ అయితే పూర్తిగా సొంత ప్రకటన. అక్కడ ఎవరూ కాగితం అడగరు. పైగా తయారీ అని రాసుకుంటే లాభాలున్నాయి. ఆహార యూనిట్లకు పీఎంఎఫ్ఎంఈ పథకంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ పెట్టారు. ట్రేడర్లకు ఉద్యమ్ ఇవ్వడం 2021 జులైలో మళ్లీ మొదలుపెట్టినా, దాని ప్రయోజనం బ్యాంకు ప్రాధాన్య రుణాల వరకే. అందుకని కాస్త సందు ఉన్న ప్రతివాడూ తయారీ వైపే మొగ్గుతాడు.

కాబట్టి ఆ వ్యాపారి తన గురించి తాను ఏం రాసుకున్నాడన్నది పక్కన పెట్టు. సరుకు ఏ పేరుతో లోపలికి వచ్చింది, ఏ పేరుతో బయటికి పోయింది అన్నది చూడు. మిర్చి వచ్చి కారం పోతే తయారీ. కారం వచ్చి కారమే పోతే వ్యాపారం, మధ్యలో సంచి మారినా, బ్రాండు మారినా సరే. మిర్చి వచ్చి కారం పోయినా ఆ మిర్చి తనది కాక, పట్టినందుకు కూలి మాత్రమే తీసుకుంటే అది సర్వీసు. జీఎస్టీ చట్టంలో తయారీకి ఇచ్చిన నిర్వచనం కూడా దాదాపు ఇదే: ముడిసరుకును ప్రాసెస్ చేస్తే వేరే పేరు, వేరే స్వభావం, వేరే ఉపయోగం ఉన్న కొత్త వస్తువు పుట్టాలి. సర్టిఫికెట్లలో ఈ సంగతి కనిపించదు. కిలోలు, యూనిట్లు రాసి ఉండే కాగితాల్లో కనిపిస్తుంది.

మూడేళ్ల కింద నా క్లయింటు ఒకాయనకు సరిగ్గా నీ పరిస్థితే వచ్చింది. ఆ కేసు వివరంగా చెబుతాను, ఫర్మ్ పేరు మాత్రం అడగొద్దు.

వాళ్లు నెలకు 25 టన్నుల కారం అమ్ముతున్నామని, అంతా సొంత తయారీయేనని చెప్పారు. మా ఆయన ఊరికే నమ్మే మనిషి కాదు, స్వయంగా వెళ్లి చూసి వచ్చాడు. షెడ్డులో మిషన్ ఆడుతోంది. ఇద్దరు ఆడవాళ్లు ముక్కులకు గుడ్డలు కట్టుకుని తొడిమెలు తీస్తున్నారు. ఘాటుకు ఈయన కళ్లల్లో నీళ్లు. ఓ మూల ఏనుమాముల యార్డు నుంచి వచ్చిన తేజ రకం బస్తాలు. ఇంకేం కావాలి సార్, నా కళ్లతో చూశాను కదా అన్నాడు. నేను ఫోటోలు చూపించమన్నాను. ఒక ఫోటోలో వెనక గోడ వారగా ఇంకో వరుస సంచులున్నాయి. అన్నీ ఒకే సైజు ప్లాస్టిక్ సంచులు, మూతులకు మిషన్ కుట్టు, ఒక్కదాని మీదా మిర్చి సంచికి ఉండే ఉబ్బు లేదు. మిర్చి బస్తా ఎట్లా ఉంటుందో మన ప్రాంతంలో చిన్నపిల్లాడికీ తెలుసు, దిండులాగా పొంగి ఉంటుంది. ఇవి సిమెంటు బస్తాల్లా అణిగి కూర్చున్నాయి. అంటే లోపల పొడి. పట్టిన పొడి పెట్టుకున్నారేమో అని కూడా అనుకోవచ్చు. అందుకే ఫోటో మీద తీర్పు చెప్పకుండా మూడు కాగితాలు అడిగించాను.

మొదటిది కరెంటు బిల్లు. ఒక నెలది కాదు, పన్నెండు నెలలవి. మన ఎన్పీడీసీఎల్ బిల్లు మీద కేటగిరీ ఉంటుంది. ఎల్టీ-2 అంటే కమర్షియల్, దుకాణం లేదా గోదాము. ఎల్టీ-3 అంటే ఇండస్ట్రీ. తయారీ యూనిట్ అని చెప్పే షెడ్డుకు ఎల్టీ-2 మీటరు ఒక్కటే ఉంటే అక్కడే ఆగి అడగాలి. వీళ్లకు ఎల్టీ-3 ఉంది, లోడు సరిపోయింది, అంతవరకు శుభ్రమే. తర్వాత యూనిట్లు చూశాం. పన్నెండు నెలలకు కలిపి 5,400 యూనిట్లు.

ఇప్పుడు లెక్క చూడు. వాళ్ల పల్వరైజరు మోటారు 20 హెచ్‌పీ, అంటే ఇంచుమించు 15 కిలోవాట్లు. పూర్తి లోడు మీద గంటకు 15 యూనిట్లు కాలుతుంది. ఎప్పుడూ పూర్తి లోడు పడదు కాబట్టి వాళ్ల వైపే మొగ్గి 70 శాతం వేసుకున్నాం, గంటకు పదిన్నర యూనిట్లు. గంటకు 150 కిలోలు పడుతుందని వాళ్లే చెప్పారు. నెలకు 25 టన్నులు పట్టాలంటే 167 గంటలు ఆడాలి, అంటే నెలకు దగ్గరదగ్గర 1,750 యూనిట్లు, ఏడాదికి 21,000. బిల్లుల్లో ఉన్నది అందులో నాలుగో వంతు. ఉన్న 5,400 యూనిట్లనూ లైట్లకు, ఫ్యాన్లకు ఏమీ పోకుండా ఒక్క మోటారుకే ఇచ్చేసినా అది 514 గంటలు ఆడుతుంది, 77 టన్నులు పడుతుంది. వాళ్లు అమ్మామంటున్నది 300 టన్నులు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఒక్క నెల బిల్లు చూసి ఎవరినీ అనొద్దు. మిర్చి జనవరి తర్వాత యార్డుకు పోటెత్తుతుంది. పచ్చళ్ల కాలంలో కారానికి గిరాకీ ఎక్కువ. కోల్డ్ స్టోరేజీలో పెట్టి అవసరమైనప్పుడే తీసి పట్టేవాళ్లూ ఉన్నారు. కొన్ని నెలలు మిషన్ ఊరికే ఉండటం మామూలే. మీటరు షెడ్డు యజమాని పేరు మీద ఉండటం కూడా తప్పు కాదు. చూడాల్సింది చిరునామా ఒకటేనా కాదా అని. పైన సోలార్ ఉన్నా, జనరేటర్ వాడినా ఆ లెక్క కలుపుకోవాలి. వీళ్లకు అవేమీ లేవు.

రెండోది ట్యాక్స్ ఆడిట్ రిపోర్టులో ఒక్క పేజీ. ఇది చాలామందికి తెలియదు. ఆదాయపు పన్ను ఆడిట్ చేసే సీఏ ఇచ్చే 3సీడీ ఫారంలో 35వ క్లాజు అని ఉంటుంది. అందులో రెండు భాగాలు. వ్యాపారి అయితే మొదటి భాగంలో సరుకు ప్రారంభ నిల్వ, కొన్నది, అమ్మినది, ముగింపు నిల్వ రాయాలి. తయారీదారు అయితే రెండో భాగంలో ముడిసరుకు ఎంత కొన్నాడు, ఎంత వాడాడు, దాని నుంచి ఎంత సరుకు దిగింది, దిగుబడి శాతమెంత, తరుగెంత అని రాయాలి. రెండూ చేసేవాడు రెండు భాగాలూ నింపాలి. రూపాయల లెక్కల్లో కారం, మిర్చి రెండూ పర్చేజెస్ అన్న ఒక్క పద్దు కింద కలిసిపోవచ్చు. ఈ పేజీలో పరిమాణాలు రాస్తారు కాబట్టి కలపడానికి వీలుండదు.

వాళ్లు ఆ పేజీ పంపడానికి వారం తీసుకున్నారు. పంపినదాంట్లో ఇలా ఉంది: మిర్చి వాడకం 66 టన్నులు, దిగిన కారం 61 టన్నులు. వ్యాపార భాగంలో కారం పొడి కొనుగోలు 240 టన్నులు. మొత్తం చేతికొచ్చింది 301 టన్నులు, అమ్మింది 296, మిగిలింది 5. అంటే అమ్మిన ప్రతి ఐదు కిలోల్లో ఒక్క కిలో సొంత గిర్నీలో పట్టింది, నాలుగు కిలోలు ఎక్కడి నుంచో పొడిగానే వచ్చినవి. 66 టన్నుల్లో 61 దిగడం కూడా చూడు, 92 శాతం చిల్లర. తొడిమెలు, తేమ, దుమ్ము పోగా అది నమ్మదగిన దిగుబడే. ఎవరైనా నూటికి నూరు దిగుబడి రాస్తే ఆ మిర్చి కాగితం మీదనే పట్టారని అర్థం. కరెంటు లెక్కతో కూడా 61 టన్నులు సరిపోయింది. 77 టన్నులు పట్టగల యూనిట్లలో 61 టన్నులు పట్టి, మిగతావి జల్లెడకు, లైట్లకు పోయాయి. రెండు వేర్వేరు కాగితాలు, ఒకటి కరెంటోళ్లది, ఇంకొకటి ఆడిటర్‌ది, ఒకదానికొకటి తెలియకుండా ఒకే మాట చెబితే ఇక సందేహపడక్కర్లేదు.

మూడోది కొనుగోలు బిల్లులు. వరుసగా ఒక నెలవి చాలు. బిల్లుల మీద హెచ్ఎస్ఎన్ కోడ్ చూడాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. నాలుగు అంకెల కోడ్ 0904 చూసి "మిర్చి కొన్నాడు" అనుకుంటారు. ఎండుమిర్చికీ, కారం పొడికీ నాలుగు అంకెల దగ్గర కోడ్ ఒకటే. ఆరు అంకెలకు వస్తేనే విడిపోతాయి: 0904 21 అంటే పట్టని ఎండుమిర్చి, 0904 22 అంటే పట్టినది. అమ్మేవాడి టర్నోవరు 5 కోట్లు దాటితే బిల్లు మీద ఆరు అంకెలు వేయడం తప్పనిసరి కాబట్టి పెద్ద మిల్లుల బిల్లుల్లో ఈ తేడా కనిపిస్తుంది. వీళ్ల బిల్లులు చూస్తే గుంటూరు వైపు ఒక మిల్లు నుంచి నెలనెలా 0904 22 కింద లారీ లోడ్లు వస్తున్నాయి. గోడ వారగా ఉన్న సంచులు అవే. పసుపుకు ఈ కిటుకు పనిచేయదు. 0910 30 ఆరు అంకెల్లో కొమ్ములూ పొడీ రెండూ ఉంటాయి. అక్కడ ఎనిమిది అంకెలు ఉంటేనో, సరుకు వివరణలో కొమ్ములు అని రాసి ఉంటేనో తెలుస్తుంది.

కొనుగోళ్లకు జీఎస్టీఆర్-2బి ఒక్కటి చూసి సరిపెట్టుకోకు. రైతు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోనక్కర్లేదు. రైతు సరుకుగా యార్డులో కొన్న మిర్చి అందులో కనిపించకపోవచ్చు, పొడి బిల్లులు మాత్రమే కనిపిస్తాయి. దాంతో నిజంగా పట్టేవాడు కూడా ట్రేడర్‌లా కనబడే ప్రమాదం ఉంది. మిర్చి కొన్నందుకు అడ్తిదారు ఇచ్చిన తక్‌పట్టీలు, మార్కెట్ ఫీజు రసీదులు అడుగు. పసుపు అయితే నిజామాబాద్ యార్డువి. నిజంగా గిర్నీ ఆడించేవాడి దగ్గర ఇవి కట్టలు కట్టలుగా ఉంటాయి, అడిగిన పది నిమిషాల్లో ఫోటో తీసి పంపుతాడు.

ఇక నువ్వు ఎవర్నీ అడగకుండా ఇంట్లో కూర్చుని చూడగలిగినవి కొన్నున్నాయి. ఇవి తీర్పు చెప్పవు, కానీ ఏం అడగాలో చెబుతాయి. జీఎస్టీ సైట్లో లాగిన్ లేకుండానే "Search Taxpayer"లో నంబరు కొడితే వ్యాపార స్వభావం, సరుకుల కోడ్లు, రిటర్నులు వేసిన తేదీలు వస్తాయి. స్వభావం దగ్గర ఆగకు, చిరునామా రాసుకో. తర్వాత foscos.fssai.gov.in లో ఫుడ్ లైసెన్సు నంబరు కొట్టు. పద్నాలుగు అంకెల్లో మొదటిది 1 అయితే లైసెన్సు, 2 అయితే చిన్న వ్యాపారులకిచ్చే రిజిస్ట్రేషన్ మాత్రమే. నెలకు టన్నులకు టన్నులు అమ్ముతానన్నవాడి నంబరు 2తో మొదలైతే ఇక ముందుకు పోనక్కర్లేదు. రాష్ట్ర లైసెన్సు అయితే తర్వాతి రెండు అంకెలు 36 ఉండాలి, మన తెలంగాణది.

ఫుడ్ లైసెన్సు మిగతా రెండు సర్టిఫికెట్ల కన్నా బరువైనది. ఎందుకంటే అది ఒక్కో చోటుకు ఒక్కోటి విడిగా ఇస్తారు, అందులో "Kind of Business" అని తెగ్గొట్టి రాసి ఉంటుంది. తయారీ వేరు, "Repacker" వేరు, "Relabeller" వేరు, "Wholesaler", "Distributor" వేరు. తయారీ లైసెన్సు కావాలంటే దరఖాస్తుతో పాటు షెడ్డు ప్లాను, మిషన్ల జాబితా, వాటి సామర్థ్యం, హెచ్‌పీ ఇవ్వాలి. ఆ జాబితా కాపీ అడుగు. దాంట్లో రాసిన హెచ్‌పీని కరెంటు బిల్లులోని లోడుతో పక్కపక్కన పెట్టి చూడు. లైసెన్సు మీది చిరునామా, జీఎస్టీ చిరునామా, మీటరు చిరునామా మూడూ కలవాలి. లైసెన్సు ఒక ఊళ్లో, షెడ్డు ఇంకో ఊళ్లో ఉంటే ఆ షెడ్డులో పట్టే కారానికి లైసెన్సు లేనట్టే.

తయారీదార్లు ఏటా మే 31లోపు డీ-1 అని వార్షిక రిటర్ను వేయాలి. ఏ సరుకు ఎంత తయారు చేశారో అందులో ఉంటుంది. నా క్లయింటు కేసులో అసలు బండారం ఇక్కడే బయటపడింది. డీ-1లో కారం తయారీ 296 టన్నులని రాశారు, అంటే అమ్మినదంతా తయారీ కింద చూపించేశారు. అదే ఏడాది ఆడిట్ పేజీలో 61 టన్నులు. పైగా లైసెన్సులో తయారీ ఒక్కటే ఉంది, రీప్యాకర్ లేదు. సంచుల్లో వచ్చిన పొడిని కిలో ప్యాకెట్లలో నింపి "తయారుచేసినవారు" అని సొంత పేరు వేసుకుంటున్నారు. తయారుచేసినవాడు ఒకడు, ప్యాక్ చేసినవాడు ఇంకొకడు అయితే ప్యాకెట్ మీద ఇద్దరి వివరాలూ ఉండాలన్నది నియమం. నీకు పంపిన శాంపిల్ ప్యాకెట్ తిప్పి వెనక వైపు చదువు. తయారుచేసినవారు, ప్యాక్ చేసినవారు, మార్కెట్ చేసేవారు అన్న మూడు మాటలకు మూడు వేర్వేరు అర్థాలున్నాయి. రెండు లైసెన్సు నంబర్లు కనిపిస్తే రెండో నంబరును కూడా ఫోస్కోస్‌లో కొట్టు, అసలు మిల్లు ఎక్కడుందో తెలుస్తుంది.

నీ ఫర్మ్ ప్రైవేట్ లిమిటెడ్ అయితే పని ఇంకా తేలిక. కంపెనీల శాఖ సైట్లో 100 రూపాయలు కడితే వాళ్లు దాఖలు చేసిన లెక్కలు చూడొచ్చు. లాభనష్టాల పట్టికలో కాస్ట్ ఆఫ్ మెటీరియల్స్ కన్స్యూమ్డ్ అనే వరుస, పర్చేజెస్ ఆఫ్ స్టాక్-ఇన్-ట్రేడ్ అనే వరుస విడివిడిగా ఉంటాయి. మొదటిది వాడిన ముడిసరుకు, రెండోది అమ్మడానికే కొన్న సరుకు. రెండింటిలో ఏది పెద్దదో చూస్తే చాలావరకు తేలిపోతుంది. కంపెనీ నంబరులోని ఐదు అంకెల పరిశ్రమ కోడ్‌ను మాత్రం పట్టుకోకు, అది పెట్టిన రోజున అనుకున్న వ్యాపారం చెబుతుందే తప్ప ఇప్పుడు చేస్తున్నది కాదు. మన దగ్గర ఈ వ్యాపారాల్లో ఎక్కువ సొంత ఫర్ములు, భాగస్వామ్యాలే కాబట్టి ఈ దారి అందరి విషయంలో దొరకదు.

గిర్నీ ఉన్న ప్రతివాడూ తయారీదారు కాదన్న మాట కూడా గుర్తు పెట్టుకో. ఊళ్లో కారం గిర్నీకి మన మిర్చి మనం తీసుకెళ్లి పట్టించుకుంటాం, కిలోకింతని ఇస్తాం. వాడికి మోటారు ఉంది, ఎల్టీ-3 మీటరు ఉండొచ్చు, యూనిట్లు బాగా కాలుతాయి. కానీ మిర్చి వాడిది కాదు, కారమూ వాడిది కాదు. జీఎస్టీలో దాన్ని జాబ్ వర్క్ అంటారు, సర్వీసు కింద 9988 కోడ్‌తో బిల్లు వేస్తారు. అంటే కరెంటు లెక్క ఒక్కటే చూస్తే ఇక్కడ మోసపోతావు. యూనిట్లు భారీగా ఉండి, మిర్చి కొన్న తక్‌పట్టీలు లేకపోతే, అది ఇతరుల మిర్చి పట్టే గిర్నీ అయి ఉంటుంది. దీనికి తిరగేసిన రకమూ ఉంది. సొంతంగా మిర్చి కొని, బయటి గిర్నీలో పట్టించుకుని అమ్మేవాడు. వాడికి మిషన్ ఉండదు, కరెంటు బిల్లు ఉండదు, అయినా అబద్ధం చెబుతున్నాడని అనలేం. సరుకు మొదటి నుంచీ వాడిదే. అట్లాంటివాడిని గిర్నీకి పంపిన డెలివరీ చలాన్లు, గిర్నీవాడి కూలి బిల్లులు, ఐటీసీ-04 ఫారం చూపించమను. పట్టించే గిర్నీకి కూడా ఫుడ్ లైసెన్సు ఉందా అని చూడు.

డిస్ట్రిబ్యూటర్ విషయానికొస్తే, జీఎస్టీ కాగితాల్లో ట్రేడర్‌కూ డిస్ట్రిబ్యూటర్‌కూ తేడా దొరకదు, ఇద్దరూ హోల్‌సేలే. ఆ తేడా కంపెనీ ఇచ్చిన నియామక పత్రంలో ఉంటుంది. దాన్ని చదివేటప్పుడు ఏ ఏరియాకు ఇచ్చారు, ఎప్పటివరకు ఇచ్చారు అన్నవి రెండూ చూడు. గడువు తీరిన లెటర్లు ఫ్రేము కట్టి గోడకు వేలాడదీసిన దుకాణాలు బోలెడు. ఎరువుల్లో అయితే సరుకు ఎవరి దగ్గర తీసుకుంటున్నాడో చెప్పే ఫారం ఓ సోర్స్ సర్టిఫికెట్ చట్టప్రకారమే ఉండాలి. మందుల్లో హోల్‌సేల్‌కు 20బి, 21బి, తయారీకి 25, 28 అని లైసెన్సు ఫారాలే వేరు. కారానికి, పసుపుకు అంత స్పష్టత లేదు, అందుకే ఈ తిప్పలన్నీ.

నా క్లయింటు కథ ఎక్కడిదాకా వచ్చిందో చెప్పాలి కదా. లెక్కలు ముందు పెట్టి అడిగితే ఆ ఫర్మ్ ఓనరు దాచలేదు. "గిరాకీకి మా మిషన్ సరిపోవట్లేదు, తెచ్చి కలుపుతున్నాం, కానీ సరుకు మంచిదే" అన్నాడు. మంచిదే అయి ఉండొచ్చు కూడా. కానీ మా ఆయన అడ్వాన్సు కట్టబోయింది ఫ్యాక్టరీ రేటు కోసం. ఐదింట నాలుగు కిలోల మీద అసలు మిల్లు లాభం, లారీ కిరాయి, వీళ్ల లాభం మూడూ పడుతుంటే అది ఫ్యాక్టరీ రేటు ఎట్లా అవుతుంది? ఇంకా పెద్ద చిక్కు శాంపిల్‌ది. హాస్టల్లో ఫుడ్ ఇన్‌స్పెక్టర్ కారం శాంపిల్ తీసి, అందులో రంగు కలిసిందని తేలితే, సప్లై చేసినవాడు ఆ సరుకు ఎవరి దగ్గర కొన్నాడో, వాడు ఎక్కడ తెచ్చాడో బిల్లులతో చూపించుకోగలగాలి. ప్యాకెట్ మీద ఒకరి పేరు, లోపల ఎవరిదో తెలియని పొడి ఉంటే ఆ గొలుసు మధ్యలోనే తెగుతుంది. పిల్లలు తినే సరుకు తమ్ముడూ, అందులో రాజీ లేదు.

చివరికి ఆయన అడ్వాన్సు ఇవ్వలేదు. వాళ్ల సొంత గిర్నీలో పట్టిన సరుకే, బ్యాచ్ నంబరుతో, నెలకు 4 టన్నుల వరకు తీసుకుంటానన్నాడు. ఆ మిషన్ నెలకు సగటున పట్టేదే 5 టన్నులు కాబట్టి అంతకు మించి అడిగితే మళ్లీ గుంటూరు సంచే వస్తుందని ఆయనకు తెలుసు. మిగతాది ఆ గుంటూరు మిల్లుతోనే నేరుగా మాట్లాడుకున్నాడు.

నువ్వు ఈ రాత్రికే వాళ్లకు ఒక మెసేజ్ పెట్టు. మర్యాదగా, ఇది అందరినీ అడిగేదే అన్నట్టు రాయి: "అన్నా, అడ్వాన్సు కన్నా ముందు మా ఆడిటర్ నాలుగు కాగితాలు అడుగుతున్నారు. షెడ్డు కరెంటు బిల్లులు 12 నెలలవి, నిరుటి 3సీడీలో 35వ క్లాజు పేజీ, ఫుడ్ లైసెన్సుతో ఇచ్చిన మిషన్ల జాబితా, పోయిన నెల మిర్చి తక్‌పట్టీలు. రేట్లు మూసేసి పంపినా పర్వాలేదు, కిలోలు కనిపిస్తే చాలు." ఆ చివరి వాక్యం తప్పకుండా రాయి. ఏ వ్యాపారీ తన కొనుగోలు రేటు బయటపెట్టడు, మనకు అది అక్కర్లేదు కూడా. టర్నోవరు తక్కువై ఆడిట్ పరిధిలోకి రాకపోతే 3సీడీ ఉండదు, అప్పుడు డీ-1, స్టాకు రిజిస్టరు చూపించమను. కొత్త యూనిట్ అయితే పన్నెండు నెలలు ఉండవు, ఉన్నన్ని నెలలవి అడుగు, అడ్వాన్సు మాత్రం ఇవ్వకుండా బిల్లు మీద బిల్లు కొను.

సరుకు తీసుకున్నాక ప్రతి బిల్లు మీద బ్యాచ్ నంబరు, వాళ్ల ఫుడ్ లైసెన్సు నంబరు వేయించుకో, నాణ్యతకు హామీగా ఫారం ఇ అడుగు. ఆ చట్టంలో బిల్లునే హామీ పత్రంగా లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి బిల్లు లేకుండా ఒక్క బస్తా కూడా దించుకోకు. ఇంకొకటి, నువ్వు అడగలేదు గానీ చెబుతున్నాను: వాళ్ల దగ్గర 25 కిలోల సంచులు కొని, నీ దుకాణంలో కిలో ప్యాకెట్లు కట్టి హాస్టళ్లకు వేస్తున్నావంటే, నీ లైసెన్సులో కూడా హోల్‌సేలర్‌తో పాటు రీప్యాకర్ ఉండాలి. వీలైతే నీ లైసెన్సు కాపీ ఇక్కడ పెట్టు, నంబరు, పేరు చెరిపేసి. చూసి చెబుతాను.